ఖాయం అన్న మాటను వెనక్కి తీసుకున్న ఉత్తరం

జూనియర్ లాయర్‌గా చేరడానికి ఛాంబర్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన రాత్రి, ఇంటర్వ్యూ చేసిన మేడమ్‌కి కృతజ్ఞతల మెయిల్ ఒకటి రాశాను. ఆ మొదటి చిత్తు ఇంకా నా దగ్గరుంది. అందులో మేడమ్ అనుభవాన్ని పొగిడే వాక్యాలు మూడు, నా అదృష్టం గురించి రెండు, నేను ఎంత కష్టపడతానో చెప్పేది ఒకటి ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మేమిద్దరం నిజంగా మాట్లాడుకున్న విషయం మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఆ మెయిల్‌ని ఊళ్లో ఉన్న ఏ సీనియర్‌కైనా పేరు మార్చి పంపేయొచ్చు.

అది పంపలేదు. ఎందుకు పంపలేదో చెప్పాలంటే లోపల ఏం జరిగిందో ముందు చెప్పాలి.

ఆమె ఒక లా ఫర్మ్‌లో సీనియర్ పార్ట్‌నర్. ఎక్కువగా ఆర్బిట్రేషన్ పనులు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తేల్చే వివాదాలు చూస్తారు. నా రెజ్యూమె గురించి పెద్దగా అడగలేదు. టేబుల్ మీదున్న క్యాలెండర్ నా వైపు తిప్పి, "2024 మార్చి 14న ఆర్బిట్రేటర్ ఇచ్చిన అవార్డు మీ క్లయింట్ చేతికొచ్చింది అనుకోండి. దాన్ని కొట్టేయమని పిటిషన్ వేయాలి. ఎప్పటిలోగా?" అన్నారు.

అవార్డంటే ఆ మధ్యవర్తి ఇచ్చే తీర్పు. ఇది తెలిసిన ప్రశ్నే. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలో సెక్షన్ 34, సబ్ సెక్షన్ 3. అవార్డు అందిన రోజు నుంచి మూడు నెలలు. సరైన కారణం చూపిస్తే కోర్టు ఇంకో 30 రోజులు ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఇవ్వడానికి లేదు. "మూడు నెలలు, పైన 30 రోజులు. మొత్తం 120 రోజులు మేడమ్" అని, క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టి, "జులై 12" అన్నాను.

ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పెన్సిల్ తీసి ఓ కాగితం మీద రెండు తేదీలు రాశారు. జూన్ 14, దాని కింద జులై 14. "ఇది ఆదివారం. సోమవారం వేస్తే తీసుకుంటారా?" అన్నారు.

"తీసుకుంటారు మేడమ్. లిమిటేషన్ చట్టం సెక్షన్ 4 ఉంది కదా. చివరి రోజు కోర్టుకి సెలవైతే మళ్లీ తెరిచిన రోజు వేయొచ్చు."

"ఖాయమా?"

"ఖాయం మేడమ్."

ఈలోగా క్లర్క్ ఏదో ఫైల్ తెచ్చాడు. ఇంకో పది నిమిషాలు వేరే విషయాలు మాట్లాడి పంపించేశారు. మెట్లు దిగుతుంటే ఆ "ఖాయమా?" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఖాయమైన దాని గురించి సీనియర్లు అలా అడగరు.

రాత్రి కూర్చుని చూశాను. రెండు తప్పులు చెప్పాను.

మొదటిది, మూడు నెలలంటే 90 రోజులు అనుకోవడం. చట్టం రోజులని రాయలేదు, నెలలని రాసింది. నెలల్ని క్యాలెండర్ ప్రకారం లెక్కపెట్టాలని సుప్రీంకోర్టు 2010లోనే హిమాచల్ టెక్నో ఇంజనీర్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. అవార్డు అందిన రోజును వదిలేస్తే, మార్చి 14న అందినదానికి మూడు నెలలు జూన్ 14తో అయిపోతాయి. అక్కడి నుంచి 30 రోజులు, జులై 14. నా 120 రోజుల లెక్క రెండు రోజులు ముందే ఆగిపోయింది.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. జులై 13 రెండో శనివారం, 14 ఆదివారం. అంటే ఏ జాగ్రత్తపరుడైన వకీలైనా పిటిషన్ వేసేది శుక్రవారం జులై 12నే. నా తప్పు లెక్కకి సరైన తేదీ వచ్చి కూర్చుంది! అలాగని ఇది ప్రాణం తీయని తప్పేమీ కాదు. 2023 ఫిబ్రవరి 1న అవార్డు అందిందనుకోండి. ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి మే 1 నాటికి 89 రోజులే అవుతాయి. అసలు గడువు, పైన 30 రోజులు కలిపి మే 31తో ముగుస్తుంది. 120 రోజులని లెక్కపెట్టినవాడు జూన్ 1 దాకా టైముందనుకుంటాడు. ఆ ఒక్క రోజుతో పిటిషన్ పోతుంది.

రెండోది ఇంకా పెద్దది. సెక్షన్ 4 ఉన్న మాట నిజమే. ఆర్బిట్రేషన్ వ్యవహారాలకు లిమిటేషన్ చట్టం వర్తిస్తుందన్నదీ నిజమే. కానీ సెక్షన్ 4 కాపాడేది చట్టం నిర్దేశించిన గడువుని. ఇక్కడ ఆ గడువు మూడు నెలలు మాత్రమే. తర్వాతి 30 రోజులు గడువు కిందికి రావు, అవి కోర్టు దయతలిస్తే దొరికే అదనపు సమయం. కాబట్టి మూడు నెలల చివరి రోజు సెలవైతే మర్నాడు వేయొచ్చు. ఆ 30 రోజుల చివరి రోజు సెలవైతే మర్నాడు లేదు. అస్సాం అర్బన్ వాటర్ సప్లై కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అక్కడ అవార్డు అందింది 2003 ఆగస్టు 26న. మూడు నెలలు నవంబర్ 26కి, 30 రోజులు డిసెంబర్ 26కి అయిపోయాయి. కోర్టుకి డిసెంబర్ 25 నుంచి జనవరి 1 దాకా క్రిస్మస్ సెలవులు. జనవరి 2న, తలుపులు తెరిచిన రోజునే పిటిషన్ వేశారు. చెల్లలేదు. 2025 జనవరిలో ఇదే ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చినా జవాబు మారలేదు.

అంటే మేడమ్ అడిగిన సోమవారం పిటిషన్ చచ్చిన పిటిషన్. దాన్ని నేను "ఖాయం" అన్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. కృతజ్ఞతల ఉత్తరంలో ఈ సంగతి రాయాలా?

నాతోపాటు ఎన్‌రోల్ అయిన స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడు కరాఖండిగా వద్దన్నాడు. "ఆవిడ మర్చిపోయిన దాన్ని నువ్వే గుర్తుచేస్తావా? రెండు ముక్కల్లో థాంక్స్ చెప్పి వదిలెయ్. ఇంకా ఎక్కువ రాస్తే కాకా పట్టినట్టుంటుంది" అన్నాడు. వాడి మాటలో సగం న్యాయం ఉంది. ఇంటర్వ్యూలో సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ ఇంటికెళ్లి పేజీలకి పేజీలు రాసి పంపేవాళ్లుంటారు. అది కృతజ్ఞత కాదు, రివ్యూ పిటిషన్.

అయినా వాడితో నేను ఏకీభవించలేదు. ఆమె మర్చిపోయారన్న భరోసా వాడికెలా వచ్చిందో నాకు తెలీదు. కాగితం మీద తేదీ రాసి, ఆదివారమని చెప్పి మరీ అడిగిన మనిషికి జవాబు తెలియకుండా ఉండదు. అంటే ఆమె చూసింది నాకు సెక్షన్ 4 తెలుసా లేదా అని మాత్రమే కాదనుకుంటా. తెలియని చోట ఈ పిల్లాడు "చూసి చెప్తాను మేడమ్" అంటాడా, "ఖాయం" అంటాడా అని. ఆ పరీక్ష నేను తప్పాను, తప్పిన సంగతి ఆమెకు తెలుసు. ఇక నా చేతిలో మిగిలింది ఒక్కటే. తప్పు చెప్పానని తెలిశాక ఏం చేస్తానన్నది.

జూనియర్ పనంటే చాలావరకు ఇదే కదా. మధ్యాహ్నం సీనియర్‌కి ఒక మాట చెప్తాం, సాయంత్రానికి అది తప్పని తెలుస్తుంది. అప్పుడు నోరు మూసుకుంటే ఆ మాట డ్రాఫ్ట్‌లోకి వెళ్తుంది, డ్రాఫ్ట్ కోర్టుకెళ్తుంది. వెంటనే వెళ్లి "మేడమ్, పొద్దున నేను చెప్పింది తప్పు, సరైనది ఇదీ" అంటే అక్కడితో ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరాక రోజూ చేయాల్సిన పనిని చేరకముందు ఒకసారి చేసి చూపించడానికి ఆ ఉత్తరం కంటే మంచి చోటు ఏముంటుంది?

అయితే దిద్దుబాటు అని పేరు పెట్టి ప్రతిదీ రాయకూడదు. నేను పెట్టుకున్న గీత ఇది: నా మాట నమ్మి ఎవరైనా పని చేస్తే నష్టం జరుగుతుందా? జరిగితే రాయాలి. సరిగ్గా పలకలేదు, మంచి ఉదాహరణ తట్టలేదు, ఇంకో జడ్జిమెంట్ కూడా చెప్పాల్సింది లాంటివి మింగేయాలి. అభిప్రాయభేదాలు అసలే వద్దు. ఆ మధ్యాహ్నమే ఇంకో విషయంలో ఆమె ఒకటన్నారు, నేను ఇంకొకటన్నాను. ఇప్పటికీ నాదే సరైందనిపిస్తుంది. ఉత్తరంలో దాని ఊసే ఎత్తలేదు.

రెండో చిత్తు రాశాను. ఇది మరీ ఘోరం. పేజీన్నర వచ్చింది. హిమాచల్ కేసు, అస్సాం కేసు, 2025 నాటి తీర్పు, ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఇక్కడ ఎందుకు వర్తించదో చెప్పిన 2001 నాటి పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసు, జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 10, అన్నీ వరుసగా దింపేశాను. చదువుకుంటే ఒప్పుకోలులా లేదు, రాత్రంతా చదివానహో అని చాటింపు వేసినట్టుంది. సీనియర్‌కి తెలిసిన చట్టాన్ని సీనియర్‌కే పాఠం చెప్పడం అది. తప్పు రెండు వాక్యాల్లో జరిగింది, దిద్దడం కూడా రెండు వాక్యాల్లోనే అవ్వాలనుకుని మిగతాదంతా కొట్టేశాను. ఆదివారం ప్రశ్నకు నేరుగా జవాబిచ్చిన ఒక్క తీర్పుని ఉంచాను.

వినయం సంగతీ అంతే. "నా అజ్ఞానాన్ని మన్నించండి", "మీ ముందు నేనెంత" లాంటివి మొదటి చిత్తులో ఉన్నాయి. అవి చదివే మనిషి మీద ఒక బరువు పెడతాయి, "పర్లేదులే బాబూ" అనాల్సిన బరువు. తప్పు చెప్పానన్నది వాస్తవం. దాన్ని వాస్తవంలాగే రాస్తే సరిపోతుంది. "పొరపాటు దొర్లింది" అని కూడా రాయలేదు. దానంతటదే దొర్లలేదుగా, నేను చెప్పాను.

ఇంకో రెండు మాటల దగ్గర ఆగాను. ఒకటి, చిరునామాలో "సీనియర్ అడ్వకేట్" అని రాసేశాను. బార్‌లో మనం ఎవరినైనా సీనియర్ గారు అనే అంటాం. కానీ 1961 నాటి అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 16 ప్రకారం సీనియర్ అడ్వకేట్ అంటే హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే హోదా. ఆమె ఫర్మ్‌లో సీనియర్ పార్ట్‌నర్, ఆ హోదా ఉన్నవారు కాదు. గౌరవంగానే రాశాను గానీ, లేని హోదా అంటగడితే ఆమెకే ఇబ్బంది. పేరు, దాని కింద పార్ట్‌నర్ అని మార్చాను.

రెండోది కొంచెం సున్నితమైంది. ఆమె "అనుకోండి" అంటూ అడిగారు సరే. కానీ మార్చి 14 అని అంత కచ్చితంగా ఎందుకు చెప్పారు? అది నిజంగా వాళ్ల దగ్గరున్న ఫైలేమో అన్న అనుమానం నాకుంది. పైగా నేను అక్కడ ఉండగానే ఆమెకు ఫోన్ వచ్చింది, ఒక కంపెనీ పేరు నా చెవిన పడింది. రెండో చిత్తులో "మీరు చూస్తున్న ఆ అవార్డు విషయంలో" అని రాసి, తేదీలు కూడా పెట్టాను. మెయిల్ ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు? ఆఫీసులో ఎవరికో ఫార్వర్డ్ అవుతుంది, ప్రింట్ తీసి నా రెజ్యూమెకి పిన్ చేస్తారు, అది టేబుళ్ల మీద తిరుగుతుంది. నేనింకా ఆ ఛాంబర్ జూనియర్‌ని కూడా కాదు, బయటి మనిషిని. క్లయింట్ రహస్యాన్ని కాపాడాలన్న బాధ్యత నాకు కాగితం మీద ఉందా లేదా అన్న చర్చ అనవసరం. కంపెనీ పేరు విననట్టే ఉండాలి, తేదీలు తీసేయాలి. తీసేశాక చూస్తే దిద్దుబాటుకి ఏ లోటూ రాలేదు. "30 రోజుల చివరి రోజు ఆదివారమైతే" అంటే ఆమెకు అర్థమవుతుంది, ఇంకెవరికీ ఏమీ తెలియదు.

ఆఖరున ఉన్న "మీ సానుకూల స్పందన కోసం ఎదురుచూస్తూ" అన్నది కూడా కొట్టేశాను. పిటిషన్‌కి చివర ప్రేయర్ అని ఒక విన్నపం ఉంటుంది, ఈ ఉత్తరానికి ఉండకూడదు. ఉద్యోగం కావాలని వెళ్లి కూర్చున్నప్పుడే ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి పంపింది ఇది. రాసింది ఇంగ్లీషులో, తెలుగులో చెప్తే దాదాపు ఇలా ఉంటుంది:

"మేడమ్,

నిన్న మధ్యాహ్నం నాతో మాట్లాడటానికి 40 నిమిషాలు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. సెక్షన్ 34(3) గడువును మీరు రెండు తేదీలుగా విడివిడిగా రాసి చూపించడం వల్లే నా లెక్క మళ్లీ సరిచూసుకున్నాను.

ఆ ప్రశ్నకు నా జవాబులో రెండు తప్పులున్నాయి. మూడు నెలల్ని 90 రోజులుగా లెక్కపెట్టాను, క్యాలెండర్ నెలలుగా లెక్కపెట్టాల్సింది. అదనపు 30 రోజుల చివరి రోజు ఆదివారమైతే సోమవారం వేయొచ్చని, అది ఖాయమని చెప్పాను. వేయడానికి లేదు. సెక్షన్ 4 వెసులుబాటు మొదటి మూడు నెలలకే వర్తిస్తుంది (అస్సాం అర్బన్ వాటర్ సప్లై, 2012, 2 ఎస్‌సీసీ 624).

మీ సమయానికి మరోసారి కృతజ్ఞతలు."

కింద నా పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్, ఫోన్ నంబర్. అంతే.

మొదటి పేరా గురించి ఒక మాట. ఆమె మంచితనానికో, అనుభవానికో నేను కృతజ్ఞతలు చెప్పలేదు. అవి నాకివ్వలేదు కదా. ఇచ్చింది 40 నిమిషాలు, పెన్సిల్‌తో రాసిన రెండు తేదీలు. ఆ తేదీల్ని ఒకదాని కింద ఒకటి విడివిడిగా రాయడంలోనే జవాబంతా ఉంది. మూడు నెలలు వేరు, 30 రోజులు వేరు, రెండిటినీ కలిపి 120 అనకూడదు. అది నాకు అక్కడే కనపడాల్సింది, కనపడలేదు. ఇంటికొచ్చాక కనపడింది. కాబట్టి ఆ కాగితానికే థాంక్స్ చెప్పాను.

మెయిల్ పంపాక నా స్నేహితుడికి చూపించాను. "చాలా పొడిగా ఉంది రా, కొంచెం బాగా రాయాల్సింది" అన్నాడు. అవును, పొడిగానే ఉంది.

రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజు సాయంత్రం జవాబొచ్చింది. మొత్తం ఒకే వాక్యం, పలకరింపు కూడా లేదు. "జడ్జిమెంట్ చదివారా, హెడ్‌నోట్ చదివారా?"

ఆ రాత్రి మొదట చదివింది హెడ్‌నోటే, అంటే తీర్పు పైన అచ్చువేసే సారాంశమే. మెయిల్‌లో వాక్యం కూడా దాన్ని చూసే రాశాను. పొద్దున పంపే ముందు మనసొప్పక తీర్పు మొత్తం తెరిచి, నిర్దేశించిన గడువంటే ఏమిటో చర్చించిన పేరాలు చదివి, నా వాక్యంలో "సాధారణంగా మొదటి మూడు నెలలకే వర్తిస్తుంది" అన్న చోట "సాధారణంగా" తీసేశాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి పంపాను.